రాయికి రెండు సెకండ్లు

పోయిన ఏడు పరుగులో ముప్పై అయిదో కిలోమీటరు రాయి దగ్గర బాలమల్లు కూలబడ్డాడు. ఈసారి నలభై రెండు కిలోమీటర్ల పైచిలుకు పరుగును మూడున్నర గంటల లోపు ముగిస్తేనే హైదరాబాదు పోటీకి పంపుతారు. వయసు ముప్పై దాటింది, ఇంకో అవకాశం రాదు. అందుకే అంబదాస్ వెనకాల పడ్డాడు.

అంబదాస్ బెల్లంపల్లి గనిలో ఇంజను నడుపుతాడు. మనుషులున్న తొట్టిని బావి అడుగుకు దించి, జానెడు తేడా లేకుండా ఆపుతాడు. పరుగులోనూ అంతే, లెక్క తప్పకుండా ముందుండి వెంట వచ్చేవాళ్లను నడిపిస్తాడు.

"నా ఎనుక ఉన్నోన్ని తొమ్మిదిన్నర కొట్టకముందే గీత దాటిస్త" అని మాటిచ్చాడు.

"రాయికి అయిదు నిమిషాలు పట్టుకుంటే సాలదానే?" అన్నాడు బాలమల్లు.

"సాలదు తమ్మీ. ఆఖరుకు నిమిషం ఎక్కువైతది."

పరుగు సరిగ్గా ఆరింటికి మొదలయింది. అంబదాస్ మణికట్టుకు గడియారం, దాని పక్కన గుడ్డపట్టీ. ఏ రాయి దగ్గర గడియారం ఎంత చూపాలో ఆ పట్టీ మీద ఆయన భార్య శంకరవ్వ పెన్సిలుతో రాసింది. అయిదో రాయికి ఆరూ ఇరవై నాలుగు, యాభై మూడు సెకండ్లు. పదో రాయికి ఆరూ నలభై తొమ్మిది, నలభై ఆరు. రెండు చోట్లా ముల్లు అక్కడే ఉంది. గాలి వీచినా, ఎత్తు వచ్చినా ఆయన రాయి రాయికీ పట్టీనీ గడియారాన్నీ చూసుకుంటూనే ఉన్నాడు.

పద్దెనిమిదో రాయి దాటాక రైలుగేటు పడింది. బొగ్గు బండి మెల్లగా పోయింది. నలభై సెకండ్లు పోయాయి.

గేటు లేవగానే, వాళ్లతోపాటే పరుగెత్తుతున్న అంజన్న ముందుకు దూకాడు. "రాండ్రి, పోయిన టైమంత గీ రెండు రాళ్లల్లనే గుంజుకుందాం!"

బాలమల్లు కాళ్లు అటే లాగాయి. పోయిన ఏడు తాను చేసింది సరిగ్గా అదే.

"వాన్ని పోనీ" అన్నాడు అంబదాస్. "రాయికి రెండే సెకండ్లు. ఇరవై రాళ్లల్ల నలభై. ఫికర్ జేయకు."

రెండు సెకండ్లంటే కాలికి తెలియనే తెలియదు. కానీ గడియారానికి తెలిసింది. ఇరవయ్యో రాయికి ముప్పై ఎనిమిది సెకండ్ల ఆలస్యం. ముప్పయ్యో రాయికి పద్దెనిమిది. ముప్పై ఆరో రాయి దగ్గర అంజన్న పక్కటెముకలు పట్టుకుని నడుస్తూ కనిపించాడు.

"నీ రెండు రాళ్లు ఏమైనయిరా?" అన్నాడు అంబదాస్, వేగం మారకుండానే.

ముప్పై తొమ్మిదో రాయి దగ్గర ముల్లు పట్టీ మీది అంకెకు వచ్చి కలిసింది. బాలమల్లుకు ఏడుపొచ్చినంత పనైంది.

నలభై రెండో రాయి. సరిగ్గా తొమ్మిదీ ఇరవై తొమ్మిది.

"ఇగ పో. నీ కాళ్లల్ల ఉన్నదంత తియ్యి."

బాలమల్లు గీత దాటి వెనక్కి తిరిగాడు. జనం అతడి భుజాలు చరుస్తున్నారు. అంబదాస్ మాత్రం అదే అడుగు, అదే ఊపు. తొమ్మిదీ ఇరవై తొమ్మిది, యాభై ఎనిమిది సెకండ్లకు గీత తొక్కాడు. ఎవరినీ చూడకుండా గడియారం చూసుకున్నాడు.

"రెండు సెకండ్లు మిగిలినయి" అన్నాడు, అవి కూడా ఎక్కువే అన్నట్టు.