ఎవరి చేతి మూర

"ఆగు అమ్మడూ, అక్కడే ఆగు. మూరంటే పద్దెనిమిది అంగుళాలని రాసేశావా? దాని పక్కనే ఎవరి చేతి మూర అని కూడా రాయి. చిట్టి ఆ ఒక్క ముక్క అడక్క ఎంత రోత పాలైందో చెబుతాను, రాసుకో," అంది నానమ్మ, మనవరాలి కొలతల నోటుబుక్కులోకి తొంగిచూస్తూ.

చిట్టి ఒక టైలరుకి తమ్ముడి కూతురు. ఇద్దరు పిల్లల తల్లయ్యాక పెదనాన్న దగ్గర కటింగు నేర్చుకోవడానికి చేరింది. ఆయన పని బంగారం. మనిషిని మాత్రం ముట్టుకోబుద్ధి కాదు. ముక్కుపొడి పీల్చి ఆ వేళ్లతోనే బట్ట సర్దుతాడు. దారం కొస నోట్లో పెట్టి తడిపి, సూదిలోకి ఎక్కించమని చేతికిస్తాడు. చిట్టి ఆ తడి కొస కత్తిరించి పారేసి ఎక్కించేది.

ఒకరోజు ఆయన బల్ల మీద టేపు పరిచాడు.

"బొటనవేలు, చిటికెన వేలు బాగా చాపి పెట్టు. అదీ జాన."

చిట్టి జాన ఎనిమిది అంగుళాలొచ్చింది, ఆయనది తొమ్మిదిన్నర. మోచేతి నుంచి నడిమివేలి కొసదాకా మూర. ఆమెది పదహారున్నర, ఆయనది పంతొమ్మిది.

"లెక్కకి జాన తొమ్మిది, మూర పద్దెనిమిది, రెండు మూరలు గజం. మీటరైతే గజం మీద ఇంకో మూడంగుళాల పైచిలుకు. సెంటీమీటర్లలో మూర నలభై ఆరుకి కాస్త తక్కువ. కానీ లెక్క ప్రకారం చేతులెవరికీ మొలవవే తల్లీ. మూరల్లో కొలత తెచ్చినవాళ్ల చెయ్యి ముందు టేపు మీద పెట్టించు. ఆ తర్వాతే కత్తెర పట్టు."

"అలాగే పెదనాన్నా," అంది చిట్టి, ఆయన ముక్కు చీదిన చేతికి దూరంగా జరుగుతూ.

ఆ తర్వాత కొన్నాళ్లకి, పెదనాన్న లేని పూట, ఒకింటి కోడలు కొట్టుకి వచ్చింది. మామగారు మంచం పట్టాడు, పక్కంతా తడుస్తోంది, పరుపుకి రెక్సిన్ తొడుగు కావాలి.

"పొడవు నాలుగున్నర మూరలు, వెడల్పు రెండుంబావు, మందం బెత్తెడు, నాలుగు వేళ్లంత. చేత్తోనే కొలిచాను. వాంతొచ్చినంత పనైంది," అంటూ ఆ చేతిని చెంగుకి మళ్లీ మళ్లీ తుడుచుకుంది.

ఆ చెయ్యి పట్టుకుని టేపు మీద పెట్టడానికి చిట్టికి మనసొప్పలేదు. మూరకి పద్దెనిమిది చొప్పున పొడవు ఎనభై ఒకటి, వెడల్పు నలభైన్నర వేసుకుని, కత్తిరించి, కుట్టి ఇచ్చేసింది.

వారం తిరక్కుండా కోడలు మళ్లీ వచ్చింది. ఈసారి పెదనాన్న ఉన్నాడు.

"ఇదేం తొడుగండీ? అంతా ముడతలే. వాటిలో తడి నిలిచి కంపు ఇంకా ఎక్కువైంది."

"మీ మామగారి వీపెలా ఉంది?"

"కమిలిందట. ఆ ముడతలు ఇంకా ఒత్తుకుంటే పుండు పడుతుందని డాక్టరు చెప్పాడు."

"కమిలిందట ఏంటమ్మా? నువ్వు చూళ్లేదా?"

"మా ఆయన చూడాలి గానీ నేనేం చూస్తాను? ఆయనేమో ఆ గదిలోకెళ్తే తలనొప్పి అంటారు."

పెదనాన్న ఆమె చెయ్యి టేపు మీద పెట్టించాడు. మూర పదహారు. చిట్టి మనసులో లెక్క వేసింది. పరుపు డెబ్బై రెండు, ముప్ఫై ఆరు. అటు తొమ్మిదంగుళాలు, ఇటు నాలుగున్నర ఎక్కువ. అదంతా ఒక ముసలాయన వీపు కింద మడతలు పడి ఉంది.

"ఆ చెయ్యి ముందే టేపు మీద ఎందుకు పెట్టించలేదే?" అన్నాడు పెదనాన్న, చిట్టిని పక్కకి పిలిచి.

"ఆ చెయ్యి పట్టుకోవాలంటే రోతేసింది పెదనాన్నా."

ఆయన తిట్టలేదు. "సూదీ దారం తీసుకుని పద," అన్నాడు.

ఆ ఇంట్లో కొడుకు గుమ్మం దగ్గరే రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. గదిలో కంపు గొంతుకి అంటుకుంటోంది. పెదనాన్న ముసలాయన్ని పక్కకి తిప్పుతూ కొడుకుని పిలిచాడు.

"బాబూ, భుజం పట్టు."

"నేనా?"

"నాకున్నవి రెండు చేతులే."

కొడుకు వచ్చి, చచ్చిన ఎలకని తోక పట్టుకుని ఎత్తినట్టు, రెండు వేళ్లతో తండ్రి భుజం పట్టుకున్నాడు. వీపు కమిలి నల్లబడింది. చర్మం ఇంకా చిట్లలేదు. తొడుగు ముడతల్లో పచ్చని నీళ్లు నిలిచి ఉన్నాయి. చిట్టి పెరట్లోకి పరిగెత్తి కక్కుకుంది. నోరు కడుక్కుని తిరిగొచ్చింది.

ముసలాయన్ని మడత పెట్టిన దుప్పటి మీద పడుకోబెట్టి, తొడుగు కడిగి ఆరబెట్టి, ఈసారి పరుపునే టేపుతో కొలిచింది. పైభాగంలో కుట్టేస్తే సూది బెజ్జాల్లోంచి తడి దిగుతుంది. అందుకని ఎక్కువైనదంతా అడుగువైపుకి లాగి కుట్టింది. తొడిగాక అరచేత్తో ఈ కొస నుంచి ఆ కొసదాకా తడిమింది. నడుం వచ్చే చోట ఒక ముడత దొరికితే లాగి సరిచేసింది.

మళ్లీ పడుకోబెట్టాక ముసలాయన అరచెయ్యి పక్క మీద ఆనించి చూసుకున్నాడు.

"ఇప్పుడేం ఒత్తుకోవట్లేదమ్మా," అన్నాడు.

"రోజూ పక్కకి తిప్పి, కింద ఇలా చేత్తో తడిమి చూడాలి," అంది చిట్టి గుమ్మంవైపు తిరిగి.

కొడుకు భార్యవైపు చూశాడు. భార్య మొగుడివైపు చూసింది. చిట్టికి ఆ పరుపు మీద కన్నా ఆ చూపుల మీద ఎక్కువ రోత పుట్టింది.

"రేపట్నించి నేనే వస్తానులెండి," అంది.

"అంతే అమ్మడూ. ఇది మీ మేనమామకి ఫోన్ చేసి చదివి వినిపించు. మంచాన ఉన్న వాళ్ల నాన్నని గుమ్మంలోంచే పలకరించి పోతున్నాడట. మధ్యలో ఫోన్ పెట్టేస్తానంటే ఒప్పుకోకు."