రెండు లక్షల మందికి వాన కబురు

ఫుడ్ యాప్‌లో నా పని ఫోన్ తెర మీద టింగుమంటూ వచ్చే రెండు లైన్లు రాయడం. ఇంతేనా అని నవ్వకండి. ఆ రెండు లైన్ల మీదే ఆ రోజు నా ఉద్యోగం పర్మనెంట్ అవుతుందా లేదా అన్నది తేలాలి.

మా మేనేజర్‌కి మేం పెట్టుకున్న పేరు గంట సార్. ఊపిరాడకుండా గంట మోగించడమే అమ్మకం అనుకునే రకం. ఆయన రాసింది: "వాన ఆఫర్! పది నిమిషాలే! వెంటనే ఆర్డర్ చెయ్!" చదువుతుంటే ఎవరో కాలర్ పట్టుకున్నట్టుంటుంది. నేను రాసింది: "బయట వాన. మీరు తడవకండి. వేడిగా మేం తెచ్చిస్తాం."

తేల్చేది పరీక్ష. వాన మొదలవగానే ఆయనది అయిదు వేల మందికి, నాది ఇంకో అయిదు వేల మందికి వెళ్తాయి. ఏది చూసి ఎక్కువమంది ఆర్డర్ పెడితే అది ఏడింటికి మిగతా రెండు లక్షల మందికి దానంతటదే వెళ్లిపోతుంది. ఒక మనిషికి రోజుకి ఒక్కటే. పంపింది వెనక్కి రాదు.

ఆరింటికి వాన అందుకుంది. ఆరుంపావుకి మా అక్క ఫోన్. మా యాప్‌కే స్కూటర్ మీద డెలివరీ చేస్తుంది.

"ఏంటే ఇవాళ, ఒక ఆర్డర్ దించితే ఇంకోటి! టీ తాగడానికి కూడా తీరిక లేదు."

నేను గెలుస్తున్నాననే సంబరంలో "జాగ్రత్తక్కా" అని పెట్టేశాను. బుద్ధి లేనిదాన్ని.

ఆరున్నరకి నాది ఆయనదానికి రెట్టింపు దాటింది. "గెలిచావు పో!" అన్నాడు గంట సార్, ఓడినందుకు ఏమాత్రం బాధ లేకుండా. ఆర్డర్లు ఎవరి మాటకొస్తే ఆయనకేం?

అప్పుడే పక్క వరసలోంచి రూట్ల అన్న అరిచాడు. డెలివరీ వాళ్లు ఎక్కడెక్కడున్నారో చూసేది ఆయనే. "రైలు వంతెన కింద నీళ్లు నిండిపోయాయి! ఆ వైపు నలభై మందిలో పదకొండు మందే తిరుగుతున్నారు. ఇంక ఆర్డర్లు తేకండ్రా బాబూ!"

పరుగెత్తుకెళ్లి ఆయన తెర చూశాను. మ్యాప్‌లో అక్కని చూపించే చుక్క సరిగ్గా వంతెన దగ్గరే ఉంది. తొమ్మిది నిమిషాలుగా కదల్లేదు. ఫోన్ చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్లీ చేశాను.

తప్పు ఎవరిదో అప్పుడు తెలిసింది. వాన మొదలైతే పంపమని పెట్టాను. ఎంత వాన దాటితే ఆపాలో పెట్టలేదు. వాన పెరిగేకొద్దీ మాట ఇంకా తియ్యగా పనిచేస్తుందని మురిసిపోయానే గానీ, తెచ్చిచ్చేవాళ్లు ఏ నీళ్లలోంచి రావాలో ఆలోచించలేదు.

ఆరూ యాభై ఆరు. నా కుర్చీలో కూర్చుని ఏడింటికి వెళ్లాల్సిన మెసేజ్ తెరిచాను.

"ముట్టుకోకు," అన్నాడు గంట సార్ వెనకనుంచి. "మారిస్తే పరీక్ష చెల్లదు. పర్మనెంట్ సంగతి మర్చిపో."

"మా అక్క అక్కడుంది సార్."

"అన్న ఆ ఏరియాకి ఆర్డర్లు మూసేస్తాడులే."

"ఏరియా మూసినా మెసేజ్ ఆగదు సార్. రెండూ వేరువేరు. మీకు తెలీదా?"

పాత మాట చెరిపేసి టైపు చేశాను: "వాన గట్టిగా ఉంది. ఈ పూటకి ఇంట్లో ఉన్నదేదో తినేయండి. తగ్గాక మేమే పలకరిస్తాం."

"తిండి అమ్ముకునేవాళ్లం, ఇంట్లో తినమంటావా!" అంటూ నెత్తి కొట్టుకున్నాడు. ఏడయింది. వెళ్లిపోయింది.

పది నిమిషాల్లో ఆర్డర్లు సగానికి పడ్డాయి. అక్క చుక్క మాత్రం అక్కడే ఉంది.

ఏడుంపావుకి ఫోన్ మోగింది.

"బతికే ఉన్నాలే, ఏడవకు," అంది అక్క. వెనక వాన హోరు. "నడుం లోతు నీళ్లు. బండి పోయింది. మందుల షాపు మెట్లెక్కి నిలబడ్డా. ఈ పార్సిల్ ఆవిడ మూడుసార్లు చేసింది, ఎక్కడున్నావమ్మా అని. మంచావిడే పాపం. వండుకుందామనుకుని, మీ మెసేజ్ చూసి మానేసిందట."

మొదటి పదివేలలో మనిషి. ఆవిడకి రెండోది వెళ్లదు.

"అది రాసింది నేనే అక్కా."



"తెలుసే. మధ్యాహ్నం నుంచీ నాకూ వస్తుందేమోనని చూస్తూనే ఉన్నా. ఆరింటికి వచ్చింది. చదివి నవ్వుకున్నా కూడా. 'నువ్వు తడవకు, నేను తెచ్చిస్తా.' నీకు స్కూల్ నుంచీ నేను చెప్పే మాటేగా? దాన్ని తీసుకెళ్లి ఊరందరికీ ఇచ్చేశావు."

తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"కదలకు. అక్కడే ఉండు, వస్తున్నా," అని లేచాను. గంట సార్ రేపటి మాటేదో మొదలుపెట్టాడు. వినకుండా మెట్లు దిగేశాను.