నీలమ్మ తంబాకు మానింది

నీలమ్మ తంబాకు మాని నలభై రెండు రోజులైంది. ఆ మాట ఎవరితో చెప్పినా ముందు ఒక తిట్టు తిట్టి మరీ చెప్పేది. రోజులు గడిచేకొద్దీ సులువవుతుందని దవాఖానలో అన్నారు. ఆమెకేమో మొదటి రోజు ఎంత కష్టమో, నలభై రెండో రోజూ అంతే కష్టం.

జహీరాబాద్ నుంచి చిరాగ్‌పల్లి పోయే దారిలో ఆమెకూ మొగుడు మహాదేవప్పకూ ఒక టిఫిన్ సెంటర్ ఉంది. పొద్దున ఆరు నుంచి పది దాకా అక్కడ యుద్ధమే. లారీ డ్రైవర్లకు ఓపిక ఉండదు, మహాదేవప్పకు తొందర ఉండదు. డిగ్రీ చదివే కూతురు దీపిక కాలేజీకి పోయేలోపు ప్లేట్లు అందిస్తుంది. మిగతా అరుపులన్నీ నీలమ్మ నెత్తినే. ఇరవై ఏళ్ళుగా ఆమె ఆ అరుపులను కింది పెదవి వెనక చిటికెడు తంబాకు పెట్టుకుని తట్టుకుంది. చివరికి ఆ పెదవి వెనకే తెల్లటి మచ్చ లేచింది.

పళ్ళ డాక్టరు లైటు వేసి చూశాడు. ఆరు వారాలు తంబాకు పూర్తిగా మానమన్నాడు. అప్పటికీ మచ్చ తగ్గకపోతే చిన్న ముక్క కోసి పరీక్షకు పంపుదామన్నాడు.

"క్యాన్సరా సార్?" అని నీలమ్మ అడిగింది.

"ఇప్పుడే చెప్పలేం. మానితే చానా మందికి తగ్గుతది."

తగ్గుతుందన్న మాట దవాఖానలోనే ఉండిపోయింది. చెప్పలేమన్న మాట మాత్రం ఆమెతోపాటు ఇంటికొచ్చింది.

అదే దవాఖానలో తంబాకు మాన్పించే గది ఒకటుంది. అందులో ప్రియాంక అనే అమ్మాయి కూర్చుంటుంది. ఆమె మొదటి రోజే అడిగింది: "ఎప్పుడు పెట్టుకోబుద్ధైతది అక్కా?"

"ఎవడన్న నా మీద అరిచినప్పుడు."

"దినాం ఎన్నిసార్లు అరుస్తరు?"

"లెక్కపెడుతూ కూసుంటే పూరీలు మాడుతయ్ మేడం."

ప్రియాంక నవ్వి, కోరిక సముద్రంలో అలలాంటిదని చెప్పింది. లేస్తుంది, పెద్దదవుతుంది, తనంతట తనే విరిగిపోతుంది. దానితో కొట్లాడకూడదు, లొంగకూడదు. ఒంట్లో ఎక్కడ ఉందో, ఎట్లా మారుతుందో చూస్తూ శ్వాస తీసుకోవాలి, అంతే. నీలమ్మ సముద్రం ఎన్నడూ చూడలేదు. కాసేపు ఆలోచించి, "పురిటి నొప్పి లెక్క అను. వచ్చినప్పుడు పానం పోతదనిపిస్తది, జరసేపటికి ఎనకకు పోతది" అంది. పెళ్ళికాని ప్రియాంక ఆ మాటను తన నోట్‌బుక్కులో రాసుకుంది.

"తంబాకు పెట్టుకునే టైముకు వేరే పని అలవాటు చేసుకో అక్కా. సోపు గింజలు నములు, నీళ్ళు తాగు, నాలుగడుగులు నడువు. లేకుంటే పళ్ళు తోముకో. నోరు సాఫైతే మళ్ళ పెట్టుకోబుద్ధి కాదు."

నీలమ్మ అన్నీ చేసింది. ఒక డ్రైవర్ ప్లేటు ముందుకు నెట్టి "ఇది పూరీనా, అప్పడమా?" అంటే స్టవ్ ఆపి వెనక్కి పోయింది. బోర్లించిన బకెట్ మీద కూర్చుని కళ్ళు మూసుకుంది. ముందు దవడ కింద లాగింది, నోట్లో నీళ్ళూరాయి. తర్వాత రొమ్ములో వేడి. వేళ్ళు వాటంతటవే చిటికె పట్టాయి. ఇప్పుడు పెట్టుకోకపోతే ఆ డ్రైవర్‌ను గరిటెతో కొట్టేస్తాననిపించింది. కొట్టలేదు, పెట్టుకోలేదు. శ్వాస లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. ఏడెనిమిది నిమిషాలకు లాగడం సడలింది. లేచి, గూట్లో ఉన్న పళ్ళపొడి డబ్బా తీసి, వేలితో పళ్ళు తోముకుని పనిలో పడింది. అప్పుడు ప్రాణం నిజంగానే కుదుటపడింది.

కానీ గంట తిరక్కుండానే మళ్ళీ అదే లాగడం. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. మహాదేవప్ప "నీతోని కాదు తియ్" అన్నప్పుడల్లా అతన్ని తిట్టి, బకెట్ మీద కూర్చుని, పళ్ళు తోముకుని వచ్చేది.

నలభై రెండో రోజు డాక్టరు పెదవి తిప్పి చూసి, మచ్చ తగ్గలేదన్నాడు. బుధవారం ముక్క తీద్దామన్నాడు. నీలమ్మ నేరుగా ప్రియాంక గదిలోకి పోయింది.

"నువ్వు చెప్పినట్లే చేసిన. ఒక్క చిటికె ముట్టలే. ఏమొచ్చింది నాకు?"

ప్రియాంక ఆమెను కూర్చోబెట్టి రోజంతా ఏం చేస్తుందో మొదటి నుంచీ చెప్పమంది. పళ్ళు తోముకోవడం దాకా వచ్చేసరికి ఆపింది.

"దేంతోని తోముకుంటున్నవ్ అక్కా?"

"మిశ్రితోని. బీదర్ దిక్కు మా తల్లిగారింట్ల చేసి పంపుతరు."

"దినానికి ఎన్నిసార్లు?"

"ముందుగాల పొద్దున ఒక్కసారే. నువ్వు చెప్పినంక ఆరేడు సార్లు."

ప్రియాంక కలం కింద పెట్టింది. "మిశ్రి అంటే కాల్చిన తంబాకే గదా అక్కా."

"కాల్చినంక ఏముంటది? బూడిద. తినేది తంబాకు, తోముకునేది పండ్లపొడి."

"పెంక మీద ఏంచితే తంబాకు మత్తు పోదు. చిగుళ్ళ నుంచే నెత్తుట్లకు పోతది. కోరిక తగ్గినప్పుడల్లా నువ్వు దానికి మళ్ళ మేత వేస్తున్నవ్."

కంచే చేను మేసింది. నీలమ్మకు ముందు నవ్వు రాబోయింది, అంతలోనే ఒళ్ళు మండిపోయింది. నలభై రెండు రోజులు బకెట్ మీద పడిన నరకమంతా బూడిదలో పోసిన పన్నీరైంది.

"నువ్వు చదువుకున్నదానివి గదా. మొదట్లనే అడగొద్దా?"

"తప్పు నాదే. తినేది అడిగిన, తాగేది అడిగిన, తోముకునేది అడగలే." ప్రియాంక తల దించుకోకుండానే చెప్పింది. "కానీ బకెట్ మీద కూసునుడు నేర్చుకున్నవ్ గదా, అది యాడికి పోదు. ఆ పొడి తీసెయ్యి. ఇగ కోరికొస్తే పళ్ళ జోలికే పోకు, సోపు నములు, నడువు. మొదటి మూడు నాలుగు దినాలు బాగ కష్టముంటది. తర్వాత నిజంగ తగ్గుతది. బుధవారం పరీక్షకు మాత్రం రావాలె."

నీలమ్మ ఆమెకు పోయొస్తానని కూడా చెప్పలేదు. ఇంటికొచ్చి డబ్బా మోరీలో గుమ్మరించి, నీళ్ళు కొట్టింది.

మొదటి రోజు మహాదేవప్ప ఆమె కంటబడకుండా తిరిగాడు. రెండో రోజు చట్నీలో ఉప్పు రెండుసార్లు పడింది. మూడో రోజు పొద్దున గిరాకీ మంచి ఊపులో ఉండగా ఎవరో పార్సిల్ కోసం కేకలు వేస్తున్నారు. నీలమ్మ దవడ కింద లాగడం మొదలైంది. సోపు కోసం చెయ్యి చాపింది. అప్పుడే దీపిక చేతిలోని ప్లేట్లను బల్ల మీద దబ్బున పడేసింది.

"అమ్మా, పొడి డబ్బా ఏడ దాచినవ్? రెండు దినాల సంది తలకాయ పగులుతుంది. పుస్తకం తీస్తే ఒక్క అక్షరం ఎక్కుతలేదు. ఎవలు మాట్లాడినా కొట్టబుద్ధైతుంది."

నీలమ్మ చెయ్యి సోపు సీసా మీదే ఆగిపోయింది.

"నువ్వు గూడ ఇంకా దాంతోనే తోముకుంటున్నవా?"

"చిన్నప్పటి సంది దాంతోనే గదా. నువ్వే నేర్పితివి. పరీక్షలప్పుడు జర ఎక్కువ తోముకుంట, మనసు నిమ్మలంగుంటది."

నీలమ్మ స్టవ్ ఆపేసింది. కూతురి చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకుపోయి, ఫోన్ లైటు వేసి, పెదవి కిందికి లాగి చూసింది. ఎర్రగా, శుభ్రంగానే ఉంది. అయినా తన చూపు మీద ఆమెకు నమ్మకం కుదరలేదు. బుధవారం తనతోపాటు కూతుర్నీ డాక్టరుకు చూపించాలనుకుంది. చిన్నప్పుడు బిడ్డ నోట్లో తన వేలితోనే తంబాకు రుద్దింది, పళ్ళు గట్టిపడతాయని.

"ఏమైందమ్మా?" అంది దీపిక, భయపడి.

"అది తంబాకే బిడ్డా. నాకు తెల్వక నీకు పెట్టిన." నీలమ్మ ఇంకో బకెట్ బోర్లించింది. దుకాణం ముందు వైపు నుంచి మహాదేవప్ప పిలిచాడు. "పది నిమిషాలు ఎవలు పిలిచినా రాం, నువ్వే చూస్కో" అని అక్కడి నుంచే చెప్పింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు.

"కండ్లు మూసుకో. కొట్లాడకు. ఏడున్నది, చెప్పు."

"నెత్తిల. మెడ దాకా గుంజుతుంది."

"నాకు దవడ కింద. మెల్లగ ఊపిరి పీల్చు."

దీపిక పీల్చింది. తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఎక్కువైతుందమ్మా."

"కానియ్యి," అంది నీలమ్మ. "నాకు గూడ ఎక్కువే అయితుంది."

ముందు వైపు మహాదేవప్ప స్టవ్ వెలిగించినట్టుంది, పూరీ మాడిన వాసన వచ్చింది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.