రోజుకు రెండు మూతలు

మొగుడి కాలికి పడ్డ కుట్లు చూసి ముచ్చటపడిన పెళ్లాన్ని లోకంలో నేనొక్కదాన్నేనేమో. ఇరవై ఏళ్లుగా బట్టలు కుడుతున్నాను, కుట్టు చూస్తే కళ్లు అక్కడే ఆగిపోతాయి. మోకాలి కింద నుంచి మడమ పైదాకా ఇరవై రెండు కుట్లు, ఒక్కటీ వంకర పోలేదు. కుట్టు బాగుంది కాబట్టి కాలు బాగవుతుందనుకున్నాను. తెలివి తెల్లారినట్టే ఉంది.

మా ఆయన రంగుల మేస్త్రి. రెండో అంతస్తు గోడకి రంగు వేస్తూ పరంజా మీంచి పడ్డాడు. మోకాలి కింది ఎముక విరిగి చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. ఆసుపత్రిలో గాయం కడిగి, లోపల ప్లేటు పెట్టి ఎనిమిది స్క్రూలు బిగించారు. దానికి ముందు ఒక నర్సు కాగితం పట్టుకుని వరసగా అడిగింది. షుగరుందా, బీపీ ఉందా, తాగుతారా?

"అబ్బే, ఆ అలవాటే లేదండీ," అన్నాను.

పక్కన మా ఆడపడుచు ఉంది. వెనక నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఆవిడ ఉంది. వాళ్ల ముందు, రోజూ సాయంత్రం అర సీసా బ్రాందీ ఖాళీ చేస్తాడని ఎలా చెప్పను? పరువు కాపాడుకున్నాననుకున్నాను. ఆ పరువుని ఇప్పుడు ఏం చేసుకోను?

మూడో రోజు మధ్యాహ్నం ఆయనకి చేతులు వణకడం మొదలైంది. ఒళ్లంతా చెమట. దుప్పటి మీద లేని చీమల్ని దులుపుకుంటున్నాడు. నర్సు డాక్టరు కోసం వెళ్లింది. ఇంతలో ఆయనతో పనిచేసే బట్టతల పెయింటరు చూడ్డానికొచ్చాడు.

"వదినా, ఇది జ్వరం కాదు. చుక్క పడక," అని జేబులోంచి చిన్న సీసా తీశాడు.

తెర లాగి తాగించాం. కాసేపటికల్లా మనిషి కుదుటపడ్డాడు. డాక్టరు వచ్చేసరికి బుద్ధిగా పడుకుని ఉన్నాడు. "అలవాటేమైనా ఉందామ్మా?" అని డాక్టరు మళ్లీ అడిగాడు. నేను మళ్లీ లేదన్నాను. ఒకసారి ఆడిన అబద్ధాన్ని వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో ఆడినవాళ్లకే తెలుస్తుంది.

ఇంటికొచ్చాక పెత్తనం నేను తీసుకున్నాను. సీసా నా మిషను సొరుగులో పెట్టి తాళం వేశాను. రోజుకు రెండు మూతలు, అంతే. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, నా చేత్తో కొలిచి పోసేదాన్ని. అర సీసా మనిషిని రెండు మూతలకి తెచ్చానని లోలోపల మురిసిపోయాను. బజారులో ఎవరికైనా చెప్పుకునే విషయమైతే డప్పు కొట్టుకునేదాన్నే.

"గాయాన్ని వాళ్లు తుడిచేది స్పిరిట్‌తోనే కదే. నేను లోపల్నుంచి తుడుచుకుంటున్నా," అనేవాడు ఆయన. నేను పగలబడి నవ్వేదాన్ని. ఆ నవ్వు తలుచుకుంటే నా నోటి మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

పద్నాలుగో రోజు కుట్లు విప్పడానికి వెళ్లాం. కట్లు కట్టే గదిలో ఒక పెద్దాయన ఉంటాడు, అందరూ బాబాయి అంటారు. పైన ఆరు కుట్లు విప్పి ఆగిపోయాడు. కింది భాగంలో అంచులు విడిపోయి, పల్చటి నీరు కారుతోంది. చుట్టూ ఎర్రగా, ముట్టుకుంటే వేడిగా ఉంది.

"కుట్లు ఇంత బాగున్నాయి కదా బాబాయ్," అన్నాను.

"దారం పట్టుకుని ఉంచేది కొన్నాళ్లేనమ్మా. ఆలోగా మాంసం మాంసాన్ని పట్టుకోవాలి. ఇక్కడ పట్టుకోలేదు." తలెత్తి మా ఆయన్ని చూశాడు. "తాగుతావా అబ్బాయ్?"

నాకు ఒళ్లు మండింది. "కాలు చూడమంటే మా కాపురం చూస్తారేంటండీ?" అని అరిచాను. బాబాయి తలొంచుకుని కట్టు కట్టేశాడు. దొంగకి ఉన్నంత కోపం దొరకి ఉండదేమో.

ఆ తర్వాత రోజు విడిచి రోజు కట్టు. మాత్రలు మారాయి, ఇంజెక్షన్లు మారాయి. షుగరు పరీక్ష చేశారు, లేదు. డాక్టరు కాగితాలు అటూ ఇటూ తిప్పుతూ, "ఎందుకు మానట్లేదో అర్థం కావట్లేదు," అనేవాడు. నేను నేల చూపులు చూసేదాన్ని. ఇంటికొచ్చి మూత నింపేదాన్ని. మానేస్తే మళ్లీ చీమలు కనిపిస్తాయేమోనని నాకు భయం.

ఆరో వారం చలిజ్వరం వచ్చింది. కట్టు విప్పితే వాసన గదంతా కమ్ముకుంది. ఎక్స్‌రే తీయించి, డాక్టరు దాన్ని వెలుతురుకి పెట్టి చూపించాడు.

"ఈపాటికి విరిగిన చోట కొత్త ఎముక కొంచెమైనా కనపడాలి. ఏమీ లేదు. చీము ప్లేటు దాకా పోయింది. ఇవాళే తెరిచి కడగాలి. దీనికీ లొంగకపోతే మోకాలి కింద తీసేయాల్సి రావచ్చు."

నిచ్చెనెక్కే మనిషి. కాలు తీసేస్తే ఆయనలో ఇంకేం మిగులుతుంది? మా ఆయన నావైపు చూస్తున్నాడు. చెప్పొద్దు అని ఆ చూపు. నేను చెప్పేశాను.

"తాగుతాడు సార్. మొదటి నుంచీ. నేనే పోస్తున్నాను, రోజుకు రెండు మూతలు."

డాక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు. మా ఆయన గోడ వైపు తిరిగాడు. గోడతో చెప్పినట్టే చెప్పాడు.

"రెండు మూతలు తను పోసినవి సార్. పగలు తను కుట్టు షాపుకెళ్లాక నాతో పనిచేసేవాళ్లు పావు సీసా తెచ్చేవాళ్లు."

నేను ఊరిని మోసం చేస్తే, ఆయన నన్ను మోసం చేశాడు.

డాక్టరు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "స్పిరిట్ చర్మం మీద క్రిముల్ని చంపుతుంది. తాగింది అలా చంపదు. క్రిములతో పోరాడే తెల్లకణాల్నే అది దెబ్బతీస్తుంది. ఎముకని కట్టే కణాలు మందగిస్తాయి, గాయం అంచులు కలిపే కొత్త మాంసం సరిగ్గా పుట్టదు. తాగేవాళ్లు తిండీ సరిగ్గా తినరు. మేం ఎన్ని ఇంజెక్షన్లిచ్చినా సగం యుద్ధం ఒంట్లోనే ఓడిపోతోంది."

"ఆ రోజు చేతులు వణికాయి సార్. అందుకే…"

"తెలుసమ్మా. రోజూ తాగేవాళ్లకి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, ప్రాణమే పోవచ్చు. దానికి మా దగ్గర మాత్రలున్నాయి, విటమిన్ ఇంజెక్షన్లున్నాయి. మొదటిరోజే చెప్పుంటే అప్పుడే ఇచ్చేవాళ్లం. మత్తు డాక్టరుకి కూడా ఇప్పుడే చెప్పాలి." ఆయన ఫోనందుకున్నాడు.

ఆ ఒక్క మాట, మొదటిరోజే చెప్పుంటే, ఆపరేషను గది బయట బల్ల మీద కూర్చున్నంతసేపూ నన్ను పొడుస్తూనే ఉంది. ఆడపడుచు వచ్చి ఏమైందని అడిగింది. మొత్తం చెప్పాను. ఈసారి చుట్టూ ఎవరున్నారో చూడలేదు.

డాక్టరు బయటికొచ్చాడు. "చచ్చిన ఎముక ముక్క తీసేశాం. ప్లేటు కూడా తీసి, బయటి నుంచి కడ్డీలు బిగించాం. కాలు ఉంది. ఉంటుందని మాత్రం ఇప్పుడే చెప్పలేను. ఇంకో రెండుసార్లు కడగాలేమో. ఇక ఒక్క చుక్క పడినా నేనేం చేయలేను."

మర్నాడు మాత్రలిస్తున్నా ఆయనకి చేతులు కొద్దిగా వణుకుతూనే ఉన్నాయి. నర్సు గంటకోసారి వచ్చి చూసి వెళ్తోంది. ఆవిడ అటు వెళ్లగానే నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఒక్క మూతే. నీకు దణ్ణం పెడతా."

"ఇవ్వను."

"నన్ను నలుగురిలో నిలబెట్టావు. నువ్వసలు పెళ్లానివేనా?"

ఇరవై ఏళ్ల కాపురంలో పడని తిట్లన్నీ పడ్డాను. పక్క మంచం వాళ్లు మొహాలు తిప్పుకున్నారు. తిట్టీ తిట్టీ ఏడ్చాడు. నాకూ ఏడుపు ఆగలేదు. దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చి కడ్డీల కింద ఆయన పాదం పట్టుకున్నాను. వెచ్చగా ఉంది.

"తిట్టండి," అన్నాను. "ఎంతసేపు తిట్టినా నేనిక్కడే ఉంటాను. ఇవ్వను."