మూర్తిగారికి రాసిన మాట

తెలంగాణ బంద్‌లు జోరుగా సాగుతున్న 2011లో, బస్సుల్లేక రజిత బాచుపల్లి నుంచి హైటెక్ సిటీలోని ఆఫీసుకు రాలేకపోయేది. ఆ రోజుల్లో ఆమె పని మేనేజర్ మూర్తిగారే చేసిపెట్టేవారు. ఆయనది భీమవరం, మాట మెత్తన.

ఆ ఏడాది కంపెనీ ఆయన నాయకత్వం మీద మూడువందల అరవై డిగ్రీల సమీక్ష పెట్టి పైవాళ్లనీ, తోటి మేనేజర్లనీ, టీమునీ అభిప్రాయం అడిగింది. పేర్లు బయటపడవని హెచ్‌ఆర్ చెప్పింది. అయినా ఆయన నొచ్చుకుంటారేమోనని రజిత "పని అప్పగించడం" అన్న ప్రశ్న దగ్గర చాలాసేపు ఆగింది. చివరికి రాసింది: "బంద్ రోజుల్లో మా పని మీరే చేసేస్తారు. అది మీ మంచితనం. కానీ మేము నేర్చుకోలేకపోతున్నాం. ఈసారి ఫోన్ చేసి మాతోనే చేయించండి."

రిపోర్టు వచ్చాక మూర్తిగారు టీమును కూర్చోబెట్టి ఆ మాటలు చదివారు. "ఎవరు రాశారో నేను అడగనండి. మొదట కాస్త గుచ్చుకుంది. మళ్లీ చదివితే అభిమానం కనిపించింది."

తర్వాతి బంద్‌నాడు రజితకు ఆయన ఫోన్ చేశారు. "లాప్‌టాప్ తెరవమ్మా. నువ్వే చెయ్యి, నేను లైన్లో ఉంటాను."

రెండుసార్లు తప్పు వచ్చింది. ఆయన ఏదో చెప్పబోయి ఆగడం ఆమెకు వినిపించింది. మూడోసారి కుదిరింది.

"అయింది సర్. ఇగ మీరు జర చాయ్ తాగండి" అంది రజిత.

ఆయన హాయిగా నవ్వారు.