స్టోర్‌రూమ్ తలుపు మీది గీతలు

సామాన్లు దింపకముందే గది గదికీ తేదీ, టైమ్ పడేలా ఫొటోలు తీశాను. పాత ఇంట్లో మేకు కంతలకు కూడా అడ్వాన్సులో కోత పెట్టారు. ఆ మంట ఇంకా ఆరలేదు. ఈ ఇంటి ఓనరావిడ ప్రతి మరకకీ నాతో పేచీ పడుతూనే, ముందే ఉన్న లోపాలని నేను రాసిన జాబితాలో సంతకాలు పెట్టింది.

చివరికి స్టోర్‌రూమ్ తలుపు దగ్గరికొచ్చాం. ఇందాకటి ఫొటోలో దాని లోపలివైపు కొత్త రంగుతో నున్నగా ఉంది. ఇప్పుడు మోకాలి ఎత్తున గోటి గీతలున్నాయి.

"మేం గీకలేదండీ! కావాలంటే ఫొటో చూడండి," అన్నాను గొంతు పెంచి.

ఆవిడ ఫొటో చూడలేదు. గీతల మీద వేళ్ళు ఆనించి, నా పెన్ను తీసుకుని తనే రాసింది: 'ఇవి పాతవి. అద్దెకున్నవాళ్ళకు సంబంధం లేదు.'

సంతకం పెట్టి, తలుపు బార్లా తీసింది.

"దీన్ని మాత్రం మూయకమ్మా. మా చిన్నవాడు భయపడతాడు."