ఐదు ముఖాల పెట్టె

నాకు ముక్కు మీద కోపం. కొత్తవాడ మిడిల్ స్కూలులో పద్నాలుగేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. నా చెక్క స్కేలు తగలని అరచెయ్యి ఆ వాడలో తక్కువ. భయముంటేనే చదువు వస్తుందని నమ్మినవాణ్ణి. ఆ నమ్మకంతో ఏం చేశానో చెబుతాను.

1981లో ఒక కాగితం వచ్చింది. హాస్టలు, తిండి, బట్టలు అన్నీ ఉచితంగా ఇచ్చే ఒక సర్కారు బడికి మా ఏడో తరగతి నుంచి ఒక్కరినే పంపమన్నారు. లెక్కల పరీక్షలో ఎవరు ముందుంటే వారి పేరు. పరీక్ష పెట్టేదీ దిద్దేదీ నేనే.

ఆ తరగతిలో చదివే భారతి వాళ్ల నాన్న పర్శరాములు జంపఖానాలు నేస్తాడు. పరీక్షకు ముందు రోజు బడికి వచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి నిలబడ్డాడు.

"సార్, ఈ సీటొస్తె పిల్ల సదువుకుంటది. రాకుంటె మానిపిస్త. నా మగ్గానికి నూలు కండెలు సుట్టెటోళ్లు లేరు సార్."

"వస్తదిలే పర్శరాములూ, పిల్ల హుషారున్నది" అన్నాను. నిజంగానే అన్నాను.

ఆ సాయంత్రం స్టెన్సిల్ మీద, అంటే మైనపు కాగితం మీద, ఇనుప పుల్లతో పరీక్ష ప్రశ్నలు గీశాను. మూడో ప్రశ్న ఘనరూపాల వలల మీద. పెట్టెను విప్పి నేల మీద పరిస్తే ఎలా కనిపిస్తుందో, ఆ పటాన్నే వల అంటాం. పటం చూసి, మడిస్తే వచ్చే రూపానికి ముఖాలెన్ని, అంచులెన్ని, శీర్షాలెన్ని అని రాయాలి. త్రిభుజ పట్టకం, పిరమిడ్, చతుర్ముఖి అన్నీ సక్రమంగా వచ్చాయి. చివరిది ఘనం. నాలుగు గళ్లు వరసగా గీశాను. పైన ఒక గడి, కింద ఒక గడి రావాలి. కింది గడి గీస్తుంటే ఇనుప పుల్ల గట్టిగా నొక్కుకుని మైనపు కాగితం చిరిగింది. ఇంకో స్టెన్సిల్ అడిగితే హెడ్మాస్టరు ముఖం చిట్లిస్తాడు. సరేలెమ్మని ఆ కింది గడిని కూడా పైనే, వరసలో నాలుగో గడి నెత్తి మీద గీసేశాను. మొదట గీసిన పై గడి వరసలో రెండోదాని మీద ఉంది. ఎక్కడున్నా గళ్లు ఆరే కదా అనుకున్నాను. అటెండరు సాంబయ్య సైక్లోస్టైల్ మిషను తిప్పి నలభై కాపీలు తీశాడు.

అందరూ ఆరు, పన్నెండు, ఎనిమిది అని రాశారు. భారతి ఒక్కతే ముఖాలు ఐదు, అంచులు పన్నెండు, శీర్షాలు ఎనిమిది అని రాసింది. ఘనానికి ఐదు ముఖాలా! నా ఒళ్లు మండింది. ఒక మార్కు కోశాను. ఆమెకు నలభై ఐదు, పక్క బెంచీ పిల్లవాడు మొగిలికి నలభై ఆరు, సీటూ వాడికే.

మర్నాడు క్లాసులో మార్కులు చదివాక భారతి లేచి నా బల్ల దగ్గరికి వచ్చింది. ఆమె చేతిలో ఒక చిన్న కాగితం పెట్టె ఉంది. ప్రశ్న కాగితంలోని పటాన్నే ఇంటి దగ్గర కత్తిరించి, మడిచి, అన్నం మెతుకులతో అంటించింది.

"సార్, మూసుకుంటలేదు సార్. జర సూడండ్రి..."

"లెక్కల క్లాసులో బొమ్మలాటేందే?" అని ఆ పెట్టెను గుప్పిట్లో నలిపి కిటికీలోంచి పారేశాను. చూడలేదు. ఒక్కసారైనా తిప్పి చూడలేదు.

అంతటితో ఊరుకున్నానా? నల్లబల్ల మీద సూత్రం రాశాను. ముఖాలు, శీర్షాలు కలిపితే అంచుల కంటే రెండు ఎక్కువ రావాలి. "నీ లెక్క చూడు. ఐదూ ఎనిమిదీ పదమూడు. పన్నెండూ రెండూ పద్నాలుగు. కుదిరిందా? కుదరలే! సూత్రం కంటె నువ్వు పెద్దదానివా?" క్లాసంతా నవ్వింది. తరువాత స్కేలు తీశాను. "ఎన్ని ముఖాలు?" అంటే "ఐదు సార్" అంది. కొట్టాను. మళ్లీ అడిగాను. "ఐదు సార్" అంది. ఎన్ని దెబ్బలో లెక్కపెట్టలేదు. లెక్కల సారును కదా, అదొక్కటి లెక్కపెట్టలేదు. ఎడమ చెయ్యి వాచాక "ఆరు సార్" అంది. అదే మాట రెండు వందల సార్లు రాసుకు రమ్మన్నాను. రాసుకొచ్చింది. మరుసటి వారం నుంచి బడికి రాలేదు.

ఏడాది తిరిగింది. ఇన్స్పెక్టరు వచ్చి, ఘనరూపాలు అట్టతో చేయించి పిల్లలకు చూపించమని వెళ్లాడు. నేను పాత ప్రశ్న కాగితం అట్టకు అంటించి, గీతల వెంట కత్తిరించి మడిచాను. నాలుగు గళ్లు నాలుగు గోడలయ్యాయి. పైనున్న మొదటి గడి మూతయింది. పైనున్న ఇంకో గడి కూడా వచ్చి ఆ మూత మీదే పడింది. అడుగు లేదు. తిప్పి మళ్లీ మడిచాను. నేను మడవడమే సరిగ్గా లేదనుకున్నాను.

సాంబయ్య టీ గ్లాసు పెడుతూ వంగి చూశాడు.

"సార్, గిదేంది, ఒక దిక్కు బొక్కున్నది? ఒకదాని మీద ఒకటి రెండు మూతలాయె."

టీ చల్లారిపోయింది. అంచులు పన్నెండూ ఉన్నాయి, శీర్షాలు ఎనిమిదీ ఉన్నాయి. ముఖాలు ఐదే. నేను గొప్పగా రాసిన సూత్రం మూసి ఉన్న రూపాలకే పనికొస్తుంది. అది కుదరలేదంటే పెట్టె తెరిచి ఉందని అర్థం. ఆ సంగతి నా సూత్రమే నాకు చెప్పింది, నేను దాంతో పిల్లను కొట్టాను. న్యాయంగా దిద్దితే ఆమెకు నలభై ఆరు, మొగిలికి నలభై ఐదు.

ఆ సాయంత్రమే అట్ట పెట్టె పట్టుకుని పర్శరాములు ఇంటికి వెళ్లాను. అతను మగ్గం గుంటలోంచి లేచి దండం పెట్టాడు. భారతి మూలన రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. వేళ్లకు ఎర్ర రంగు పట్టింది. నన్ను చూడగానే రాట్నం ఆపి లేచి నిలబడింది. ఎడమ చెయ్యి వీపు వెనక్కి వెళ్లింది.

"తప్పు నాది పర్శరాములూ. పటం నేనే తప్పు గీసిన. మీ పిల్ల రాసిందే కరెక్టు."

అతను వంగి పెట్టెలోకి చూశాడు.

"అయితె ఇప్పుడు సీటిస్తరా సార్?"

"ఇవ్వరు. ఆ సీటు నిండిపోయింది. పిల్ల వయసు కూడ దాటింది."

"మరి ఇప్పుడెందుకు జెప్తాండ్రు సార్?" కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు. అతను మళ్లీ గుంటలోకి దిగాడు.

కనీసం ఆ పిల్లకైనా తన మాట తనకు తిరిగి ఇచ్చి పోవాలనుకున్నాను. ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. పెట్టెను తెరిచి ఉన్న వైపు ఆమెకు తిప్పి, నా వేళ్లు లోపలికి పెట్టి చూపించాను.

"బిడ్డా, నేను కొట్టను. చూసి చెప్పు. దీనికి ముఖాలెన్ని?"

భారతి పెట్టె వైపు చూడలేదు. నా కుడి చేతి వైపే చూసింది, స్కేలు ఉండే చేతి వైపు.

"ఆరు సార్" అంది.